రాత్రి మాత్ర, పొద్దున మత్తు: క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ వాడే పిల్లల్లో ఇబ్బందులు, పరిష్కారాలు

క్లోనిడిన్ మొదట బీపీ మందుగా వచ్చింది. ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం కనిపించే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు పడుకునే ముందు దీన్ని ఇస్తున్నారంటే, దాని పాత గుణం ఎక్కడికీ పోలేదని గుర్తుంచుకోవాలి. మెదడు కింది భాగంలో నార్‌అడ్రినలిన్ విడుదలను ఇది తగ్గిస్తుంది. మనల్ని మెలకువగా ఉంచేదీ, రక్తనాళాలను బిగువుగా ఉంచేదీ ఆ రసాయనమే. అది తగ్గితే నిద్ర వస్తుంది, బీపీ, నాడి వేగం కూడా తగ్గుతాయి. గ్వాన్‌ఫసిన్ కూడా ఈ కోవకే చెందుతుంది. కాకపోతే మందు అతుక్కుని పనిచేసే చోట్లయిన గ్రాహకాల్లో కొన్నిటి మీదే ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి మత్తు, బీపీ పడిపోవడం సాధారణంగా కొంత తక్కువ.

సమస్య: పొద్దున లేవలేకపోవడం, తరగతిలో కునుకు

8 ఏళ్లు, 26 కిలోలు ఉన్న బాబు అనుకుందాం. రాత్రి 10 గంటలకు 100 మైక్రోగ్రాముల క్లోనిడిన్ మాత్రలో సగం ఇచ్చారు. బాగానే నిద్రపోయాడు. వారం తర్వాత డాక్టరు పూర్తి మాత్ర చేశారు. అప్పటి నుంచి మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేస్తున్నాడు.

కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. పిల్లల్లో క్లోనిడిన్ సగానికి తగ్గడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. 10 గంటలు అనుకుంటే, ఉదయం 8 గంటలకు ఒంట్లో ఇంకా 50 మైక్రోగ్రాములు ఉన్నాయి. మొదటి వారం నిద్రపుచ్చడానికి ఇచ్చిన మోతాదు అదే.

మాత్రను రాత్రి 8.30కే ఇస్తే పోతుందని చాలామంది సలహా ఇస్తారు. గంటన్నర ముందు ఇస్తే ఉదయానికి మిగిలేది పదో వంతు మాత్రమే తగ్గుతుంది. బాబు కూడా త్వరగా పడుకుంటేనే దానివల్ల మేలు. అసలు సర్దుబాటు మోతాదులో జరగాలి. డాక్టరుతో మాట్లాడి సగం మాత్రకు వచ్చి, అక్కడ కొన్ని వారాలు ఆగి, అవసరమైతేనే నెమ్మదిగా పెంచడం మంచిది. మోతాదు మారకుండా ఉంటే ఈ మత్తు చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో పలచబడుతుంది.

మోతాదు మారకుండానే మత్తు పెరిగితే, ఆ వారం ఇంట్లో ఇంకేం ఇచ్చారో చూడండి. క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు సిరప్ తోడైతే మత్తు పెరుగుతుంది. గ్వాన్‌ఫసిన్ వాడే పిల్లలకు క్లారిత్రోమైసిన్ ఇస్తే రక్తంలో గ్వాన్‌ఫసిన్ పెరిగిపోతుంది. నెమ్మదిగా కరిగే గ్వాన్‌ఫసిన్ మాత్రను పొడి చేసి తేనెలో కలిపినా, రోజంతా అందాల్సిన మందు త్వరగా ఒంట్లోకి చేరుతుంది.

సమస్య: లేచి నిలబడగానే కళ్ళు తిరగడం

ముందు బీపీ సరిగ్గా కొలవాలి. ఇంట్లో తాతగారి మెషీన్ కఫ్ పిల్లల చేతికి పెద్దదవుతుంది, అసలు కంటే తక్కువ అంకె చూపిస్తుంది. పిల్లల కఫ్‌తో ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ కొలవండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మందు ప్రభావమై ఉండవచ్చు. ఆ అంకెలను, నాడి వేగాన్ని రాసి డాక్టరుకు చూపించండి.

విరేచనాలు, జ్వరం, మే నెల ఎండలో ఆట, వీటిలో ఏది తోడైనా ఒంట్లో నీరు తగ్గి బీపీ మరింత పడిపోతుంది. అప్పుడు నీళ్ళు, ఓఆర్ఎస్ తాగించి, మోతాదు గురించి అదే రోజు డాక్టరును అడగాలి. రాత్రి మూత్రానికి లేచే పిల్లలను మంచం అంచున కాసేపు కూర్చున్నాకే నిలబడమనాలి.

సమస్య: గుండె దడ, తలనొప్పి, బీపీ పెరగడం

మత్తుకు భయపడి మందు ఒక్కసారిగా మానేస్తే ఇలా జరుగుతుంది. అణిగి ఉన్న నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. వాంతులతో రెండు రోజులు మాత్ర నిలవకపోయినా ఇదే జరగవచ్చు. మానాలంటే డాక్టరు చెప్పినట్టు అంచెలంచెలుగా తగ్గించాలి. క్లోనిడిన్‌ను 3 నుంచి 7 రోజులకు ఒకసారి, ఒక్కో అంచెలో 100 మైక్రోగ్రాములకు మించకుండా తగ్గిస్తారు. వరుసగా రోజులు తప్పిపోతే, పాత పూర్తి మోతాదును మీరే మళ్ళీ మొదలుపెట్టకుండా ముందు ఫోను చేయండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

పిలిచినా, తట్టినా లేవకపోవడం, శ్వాస మందగించడం, కంటిపాప సూదిమొనంత కావడం, స్పృహ తప్పడం. వీటిలో ఏది కనిపించినా 108కు ఫోను చేయండి. ఇంట్లోని చిన్న తమ్ముడో చెల్లో మాత్ర మింగితే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. పసిపిల్లలకు ఒక్క క్లోనిడిన్ మాత్ర కూడా ప్రమాదకరం కావచ్చు. మాత్రల సీసా తాళం ఉన్న అరలో ఉంచండి.