భోగి మంటలో నాన్న పాస్‌బుక్కులు వేయకండి

పండక్కి ఇళ్లు దులపడం మొదలైంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. కిందటి భోగికి మా కొర్లగుంటలో ఒకాయన, చనిపోయిన తండ్రి ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ మంటలో వేసేశాడు. "ఎవరూ అడగని బ్యాంకు డబ్బును వెతికే ఉద్గమ్ పోర్టల్‌లో చూశాను, ఏమీ లేదని వచ్చింది" అని ఆయన ధీమా. తర్వాత చెల్లెలింట్లో మిగిలిన ఒక పాస్‌బుక్కు చూస్తే కథ వేరేలా ఉంది.

2013 జూన్‌లో ఖాతా నుంచి 50,000 రూపాయలు ట్రాన్స్‌ఫర్ కింద పోయాయి. అప్పటి నుంచి మూడు నెలలకోసారి 1,062 రూపాయల చిల్లర జమ. ఏడాదికి 8.5 శాతం చొప్పున 50,000కు లెక్కేస్తే సరిగ్గా అంతే వస్తుంది. అంటే అది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ. 2018 జూన్‌తో వడ్డీ ఆగింది, అసలు మాత్రం తిరిగి జమ కాలేదు.

మరి ఉద్గమ్‌లో ఎందుకు రాలేదు? 2023లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ఆ పోర్టల్ (udgam.rbi.org.in) చూపేది, పదేళ్లపాటు ఎవరూ అడగక రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోయిన సొమ్మును మాత్రమే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఆ పదేళ్లు గడువు తీరిన రోజు నుంచి మొదలవుతాయి. 2018లో గడువు తీరినది 2028 దాకా అందులో కనపడదు. అలాంటిదాన్ని బ్రాంచిలోనే అడగాలి. అడగడానికి చేతిలో పాత ఖాతా నంబరు ఉండాలి.

పోర్టల్‌లో లేదంటే డబ్బు లేదని కాదు. కాగితం కాల్చకండి.

వెతికేటప్పుడు పేరును రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. `Muniratnam` అని ఒక బ్యాంకులో ఉంటే `Munirathnam` అని ఇంకోదాంట్లో ఉంటుంది. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పాన్ లేకపోతే ఓటరు కార్డు నంబరో, పుట్టిన తేదీయో ఇవ్వొచ్చు.

పాస్‌బుక్కు మీదున్న బ్యాంకు ఇప్పుడు లేదని పారేయకండి. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు ఖాతాల కోసం యూనియన్ బ్యాంకుకు, సిండికేట్‌వైతే కెనరాకు వెళ్లాలి.

పోస్టాఫీసు పుస్తకాలు వేరే కట్ట కట్టండి, అవి ఉద్గమ్‌లో రావు. లాకర్ అద్దె కట్ అయిన లైను కనపడితే గీత గీసి పెట్టుకోండి. నాన్న ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దు, పిన్ తెలిసినా సరే. నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్మంతా తనదే అనుకోవద్దు, వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. వెతికిపెడతామని కమీషన్ అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వొద్దు, వెతకడం ఉచితం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఒరిజినల్ డిపాజిట్ రసీదు బ్రాంచిలో ఇస్తే, తీసుకున్నట్టు రాయించుకోకుండా బయటికి రావొద్దు. నిధికి వెళ్లిన డబ్బునూ ఆ బ్యాంకులోనే అడగాలి, దానికి గడువేమీ లేదు. ఈ పని తేలేదాకా ఆ ట్రంకుపెట్టెకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు దొరక్కుండా పెట్టండి.