నెల మధ్యలో చేరినవారి మొదటి జీతం: లెక్క ఎక్కడ తప్పుతుంది?

హైదరాబాద్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసే ఒక కార్యాలయంలో, 2025 జులై 14 సోమవారం నాడు ఒక ఉద్యోగి చేరాడనుకుందాం. అతని నెల జీతం 36,000 రూపాయలు. అందులో మూలవేతనం 24,000, ఇంటి అద్దె భత్యం 12,000. మునుపటి ఉద్యోగం నుంచే అతనికి పీఎఫ్ ఖాతా ఉంది. జులైకి 31 రోజులు కనుక, చేరిన రోజుతో కలిపి అతనికి 18 రోజుల జీతం రావాలి. 36,000ను 31తో భాగించి 18తో హెచ్చవేస్తే 20,903 రూపాయలు వస్తాయి. పే స్లిప్‌లో ఇంతకు భిన్నమైన అంకె కనిపిస్తే, ఆ అంకే తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు చెబుతుంది.

సమస్య: జీతం 16,258 మాత్రమే వచ్చింది

ఇది నాలుగున్నర వేలకు పైగా తేడా. కారణం, లవంలో ఒక రకం రోజులు, హారంలో మరో రకం రోజులు పడటం. జులై 14 నుంచి 31 వరకు శని, ఆదివారాలు తీసేస్తే పనిదినాలు 14. హాజరు పట్టీ నుంచి ఆ 14ను తీసుకుని, నెలలోని మొత్తం 31 రోజులతో భాగించడం వల్ల ఉద్యోగి తన వారపు సెలవులకు జీతం కోల్పోయాడు. పాత ఉద్యోగుల విషయంలో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే వారికి పూర్తి నెల జీతం నేరుగా పడుతుంది, భాగహారం అవసరమే రాదు.

పరిష్కారం రెండు విధాలు. క్యాలెండర్ రోజులు తీసుకుంటే పైనా కిందా అవే ఉండాలి, అంటే 31లో 18. పనిదినాలు తీసుకుంటే జులై మొత్తంలోని 23 పనిదినాల్లో 14 కనుక 21,913 వస్తుంది. ఈ రెండింటిలో ఏది అనుసరించాలో నియామక పత్రమో సంస్థ వేతన నియమావళో చెప్పాలి. చెప్పనిచోట క్యాలెండర్ పద్ధతే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పనిదినాల పద్ధతిలో ఒక రోజు విలువ నెలకొక రకంగా మారడమే కాక, పండుగ సెలవులను పనిదినాల్లో కలపాలా వద్దా అనే తగవు కూడా వస్తుంది.

ఏ పద్ధతినైనా పరీక్షించడానికి ఒక సులువైన మార్గం ఉంది. అదే జీతానికి పనిచేసే ఒకరు 13వ తేదీన మానేసి, మరొకరు 14న చేరారనుకుని ఇద్దరి జీతాలూ కూడాలి. మొత్తం సరిగ్గా 36,000 రావాలి. నెలకు ఎప్పుడూ 30 రోజులే అని లెక్కించే కార్యాలయాల్లో ఈ పరీక్ష జులైలోనే విఫలమవుతుంది: 13కు 18 కలిపితే 31, భాగించేది 30తో, కనుక సంస్థ 1,200 రూపాయలు ఎక్కువ చెల్లిస్తుంది. దీన్ని సరిచేయడానికి కొందరు 30 నుంచి చేరకముందు గడిచిన రోజులను తీసివేస్తారు. అప్పుడు మొత్తం సరిపోతుంది గానీ, 28 రోజుల ఫిబ్రవరిలో చివరి రోజున చేరినవారికి 30లో 27 పోగా మూడు రోజుల జీతం వస్తుంది. ఒక్క రోజు పనికి మూడు రోజుల జీతం ఉద్యోగికి ఆనందమే అయినా ఆడిటర్‌కు కాదు.

సమస్య: సరిగ్గా ఒక రోజు జీతం తగ్గింది

పే స్లిప్‌లో 19,742 ఉంటే 17 రోజులకే లెక్క కట్టారని అర్థం. నెలాఖరు తేదీలోంచి చేరిన తేదీని తీసివేసి, చేరిన రోజును తిరిగి కలపడం మరచిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. ఎక్సెల్‌లో `A2`లో నెల జీతం, `B2`లో చేరిన తేదీ ఉన్నప్పుడు సూత్రం ఇలా ఉండాలి:

```
=ROUND(A2*(EOMONTH(B2,0)-B2+1)/DAY(EOMONTH(B2,0)),0)
```

ఇందులోని `+1` చేరిన రోజుది. మూలవేతనానికీ భత్యాలకూ ఈ సూత్రాన్ని విడివిడిగా వాడి, తర్వాత కూడాలి. ఇక్కడ అవి 13,935, 6,968 అవుతాయి.

సూత్రం సరిగ్గా ఉన్నా ఒక రోజు తగ్గే సందర్భం మరొకటి ఉంది. 2025 జూన్ 1 ఆదివారం. నియామక పత్రంలో చేరిక తేదీ జూన్ 2 అని రాస్తే, ఒక్క పనిదినం కూడా పోకపోయినా ఉద్యోగికి 30లో 29 రోజుల జీతమే వస్తుంది. ఇది లెక్క తప్పు కాదు, పత్రంలోని తేదీ ఫలితం. పూర్తి నెల జీతం ఇవ్వాలన్నదే సంస్థ ఉద్దేశమైతే నియామక పత్రంలోనే జూన్ 1 అని వేయాలి. జీతాల సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే తేదీ మార్చితే అది పీఎఫ్ నమోదులోని తేదీతో పొసగక తర్వాత చిక్కు తెస్తుంది.

సమస్య: 36,000 జీతగాడికి ఈఎస్‌ఐ కోత పడింది

పే స్లిప్‌లో 157 రూపాయల ఈఎస్‌ఐ కోత కనిపిస్తుంది. జులైలో అతనికి వచ్చిన 20,903 రూపాయలు ఈఎస్‌ఐ పరిమితి అయిన 21,000 కంటే తక్కువ కావడంతో, సాఫ్ట్‌వేర్ అతన్ని అర్హుడిగా భావించి 0.75 శాతం పట్టుకుంది. అర్హతను నిర్ణయించేది ఆ నెలలో చేతికొచ్చిన మొత్తం కాదు, పూర్తి నెలకు ఒప్పుకున్న జీతం. కనుక పరిమితితో పోల్చే గడిని 36,000కు ముడిపెట్టాలి, కోతను ఉద్యోగికి తిరిగి ఇవ్వాలి. ఈఎస్‌ఐ వెబ్‌సైట్‌లో అతని పేరు నమోదు కాకముందే దీన్ని పట్టుకోవడం మంచిది.

పీఎఫ్‌లో తప్పు దీనికి ఎదురుగా నడుస్తుంది: అక్కడ చందాకు ఆధారం ఆ నెలలో నిజంగా వచ్చిన మూలవేతనమే. 15,000 పరిమితి వరకే చందా కట్టే సంస్థల్లో పాత ఉద్యోగులకు ప్రతి నెలా 1,800 పడుతుంది కనుక, అదే అంకె కొత్తవారికీ పడుతుంటుంది. మన ఉద్యోగికి వచ్చిన మూలవేతనం 13,935, అది పరిమితి లోపలే ఉంది. 12 శాతం అంటే 1,672 మాత్రమే పట్టుకోవాలి. మరికొందరు 15,000 పరిమితిని కూడా 18 రోజులకు కుదించి 8,710 మీద 1,045 కడతారు. ఇదీ పొరపాటే, ఎందుకంటే పరిమితి నెలకు సంబంధించినది, అది రోజులతో పాటు తగ్గదు.

వృత్తి పన్నుకు కూడా ఆ నెలలో వచ్చిన జీతమే ఆధారం. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15,000 వరకు పన్ను లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. కనుక ఇక్కడ 200 పోవాలి. 150 పోయిందంటే జీతం 16,258గానో 19,742గానో కట్టారేమో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే అతని చేతికి 19,031 రావాలి.

సమస్య: నెలాఖరులో చేరినందుకు వచ్చిన బకాయి తక్కువగా ఉంది

25వ తేదీకల్లా జీతాల పట్టీ మూసేసే సంస్థలో, ఇదే జీతానికి ఫిబ్రవరి 26న చేరినవారికి ఆ మూడు రోజుల జీతం మార్చి జీతంతో కలిపి బకాయిగా వస్తుంది. 28 రోజుల ఫిబ్రవరికి అది 3,857 కావాలి. 3,484 వచ్చిందంటే, బకాయిని చెల్లించిన మార్చి నెల 31 రోజులతో భాగించారని అర్థం. బకాయి పద్దులో ఏ నెలకు చెందిన రోజులో విడిగా నమోదు చేసే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ చెల్లింపు నెలనే తీసుకుంటుంది.