చిన్న ఆపరేషన్‌కు అంగీకార పత్రం ఎలా రాయాలి? వీపు మీది గడ్డ ఉదాహరణగా

చర్మం కింద మెల్లగా పెరిగే తిత్తి గడ్డను కోసి తీసే ఆపరేషన్ సాధారణంగా గంటలోపే ముగుస్తుంది. గడ్డ ఉన్న చోట మాత్రమే తిమ్మిరెక్కించే ఇంజక్షన్ ఇస్తారు కాబట్టి రోగి మెలకువగానే ఉంటారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. పని చిన్నది కావడంతో పత్రం కూడా చాలాసార్లు ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది: ‘నాకు అన్నీ వివరించారు, నేను ఒప్పుకుంటున్నాను.’ ఏం వివరించారో ఆ వాక్యం చెప్పదు. రేపు మచ్చ పెద్దదిగా పడిందనో, గడ్డ మళ్లీ వచ్చిందనో రోగి అడిగితే వైద్యుడికీ అది అక్కరకు రాదు. వీపు మీద రెండు సెంటీమీటర్ల గడ్డ ఉన్న ఒక రోగి కోసం ఆ పత్రాన్ని మొదటి నుంచి ఎలా రాయాలో చూద్దాం.

1. ఏం చేస్తారో, ఎక్కడ చేస్తారో ముందు రాయండి

రోగ నిర్ధారణ పేరు కాగితం మీద ఉండాలి, అయితే దాని పక్కనే మామూలు మాటల్లో అర్థం కూడా ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘మీ వీపు మీద, కుడి భుజం ఎముకకు కాస్త కింద, చర్మం లోపల ఒక చిన్న సంచి ఏర్పడింది. అందులో చర్మం నుంచి రాలిన తెల్లని పదార్థం పేరుకుంది. చర్మాన్ని కోసి ఆ సంచిని మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేస్తాము.’ కుడి, ఎడమ అన్న మాటలను పూర్తిగా రాయాలి, పొడి అక్షరాలతో సరిపెట్టకూడదు. కోసేది ఎవరో కూడా అక్కడే చెప్పాలి. శిక్షణలో ఉన్న వైద్యులు చేసేటట్లయితే ఆ సంగతి రోగికి ముందే తెలియాలి.

2. లాభాన్ని ఉన్నంతవరకే చెప్పండి

ఇది రెండు మూడు వాక్యాల పని. గడ్డ పోతుంది, ఒరుసుకోవడం వల్ల కలిగే ఇబ్బంది తగ్గుతుంది, తీసిన ముక్కను ల్యాబ్‌లో పరీక్షిస్తే అది ఏమిటో రూఢి అవుతుంది. ఇలాంటి గడ్డలు దాదాపు అన్నీ హాని లేనివే కాబట్టి, ‘ముందు ముందు ప్రమాదం రాకుండా తీసేయడం మంచిది’ అన్న వాక్యం ఇక్కడ భయపెట్టి ఒప్పించడమే అవుతుంది.

3. నష్టాలను ఈ రోగికి, ఈ చోటికి తగ్గట్టు రాయండి

అచ్చు వేసిన పత్రాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆపరేషన్ ఒకటే అయినా, శరీరంలో చోటు మారితే నష్టాల వరుస మారిపోతుంది. కణత దగ్గర గడ్డ తీసేటప్పుడు కనుబొమను పైకెత్తే నరం దెబ్బతినే అవకాశం గురించి చెప్పాలి. మెడ పక్కన అయితే భుజాన్ని కదిలించే నరం గురించి చెప్పాలి. వీపు మీద ఈ రెండూ వర్తించవు. కానీ అక్కడ చర్మం మందంగా ఉండి ఎప్పుడూ లాగబడుతూ ఉండటం వల్ల మచ్చ వెడల్పుగా సాగడం, కొందరిలో ఉబ్బెత్తుగా పెరగడం జరుగుతుంది. అందుకే ఈ పత్రంలో మొదటి స్థానం మచ్చదే: ‘మచ్చ తప్పకుండా పడుతుంది. అది ఇప్పుడున్న గడ్డ కంటే పొడవుగా ఉండవచ్చు, నెలలు గడిచేకొద్దీ వెడల్పు కావచ్చు. గతంలో మీ గాయాల మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగి ఉంటే మాకు చెప్పండి.’ అందం కోసమే గడ్డ తీయించుకోవాలనుకున్న వ్యక్తి ఈ మూడు వాక్యాలు చదివి మనసు మార్చుకుంటే, పత్రం తన పని తాను చేసినట్టే.

ఆ తరువాత గడ్డ మళ్లీ రావడం గురించి రాయాలి. సంచి గోడలో చిన్న ముక్క లోపల మిగిలినా అది తిరిగి నిండుతుందని కారణంతో సహా చెబితే, రోగి దాన్ని వైద్యుడి నిర్లక్ష్యంగా కాక ఈ ఆపరేషన్‌కు ఉన్న పరిమితిగా అర్థం చేసుకుంటారు. రక్తస్రావం, చీము పట్టడం, కుట్లు విడిపోవడం, మచ్చ చుట్టూ కొంత చోట స్పర్శ తగ్గడం, మత్తు మందు పడకపోవడం వంటివి ఒక్కొక్క వాక్యంలో వస్తాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలనీ, సొంతంగా వాటిని ఆపకూడదనీ ఇక్కడే రాయాలి.

ఎంత తరచుగా అన్నది చెప్పేటప్పుడు ‘అరుదుగా’, ‘సాధారణంగా’ అన్న మాటలను ఒంటరిగా వదలకూడదు. యూరప్‌లో మందుల కరపత్రాల లెక్క ప్రకారం ‘సాధారణం’ అంటే 100 మందిలో ఒకరి నుంచి పది మంది లోపు. చదివేవారు మాత్రం అదే మాటకు అంతకంటే చాలా ఎక్కువ ఊహించుకుంటారు. కాబట్టి అన్ని నష్టాలనూ ఒకే కొలతతో, ‘ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో ఇంతమందికి’ అని రాయాలి. ఆ అంకెను మీ సొంత రికార్డుల నుంచి తీసుకోవడం ఉత్తమం. లేని అంకెను ఊహించి వేయడం కంటే ‘కొద్దిమందికే, కానీ ఎవరికో ముందుగా చెప్పలేము’ అని రాయడం నిజాయితీ.

4. ప్రత్యామ్నాయాల్లో ‘ఏమీ చేయకపోవడం’ తప్పనిసరి

ఈ భాగం ఖాళీగా ఉంటే మిగిలిన పత్రానికి అర్థం లేదు, ఎందుకంటే ఒకే దారి చూపించి ఒప్పుకోమనడం ఎంపిక కాదు. మన ఉదాహరణలో మూడు దారులున్నాయి. మొదటిది గడ్డను అలాగే వదిలేయడం: అది ఏళ్ల తరబడి మారకుండా ఉండవచ్చు, మెల్లగా పెరగవచ్చు, ఎప్పుడైనా ఎర్రబడి నొప్పి పుట్టవచ్చు. రెండోది, చీము పట్టినప్పుడు చిన్న గాటు పెట్టి చీము తీయడం: నొప్పి త్వరగా తగ్గుతుంది కానీ సంచి లోపలే ఉంటుంది కాబట్టి గడ్డ మళ్లీ రావచ్చు. మూడోది సంచితో సహా కోసి తీయడం. ప్రతి దారికీ లాభం, నష్టం రెండూ పక్కపక్కనే రాయాలి. డాక్టరు దేన్ని సూచిస్తున్నారో, ఎందుకో ఆ తరువాత చెప్పవచ్చు.

5. వేరు వేరు అనుమతులను వేరుగా అడగండి

ఫోటోలు తీయడం, వాటిని బోధనకు వాడటం, విద్యార్థులు చూడటం, ఇవన్నీ ఆపరేషన్‌కు ఒప్పుకోవడంతో కలిసిపోకూడదు. ఒక్కోదానికీ విడిగా అవును, కాదు గడులు ఉండాలి. ‘అవసరమని తోచిన ఏ చికిత్సనైనా చేయవచ్చు’ అన్న వాక్యాన్ని కొట్టేయండి. ప్రాణాపాయం వచ్చినప్పుడు కాపాడేందుకు కావలసినది మాత్రమే చేస్తామని రాస్తే చాలు.

6. సంతకానికి ముందు రోగి మాటల్లో వినండి

పత్రాన్ని కొన్ని రోజుల ముందే ఇంటికి ఇవ్వాలి. బల్ల మీద పడుకున్నాక చేతిలో పెట్టే కాగితం అంగీకారాన్ని తెలపదు. చదవడం రానివారికి, సిబ్బంది కాని సాక్షి ఎదుట రోగి భాషలో చదివి వినిపించాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. అందుకు బదులు, ‘నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుసుకోవాలి, ఇంటికి వెళ్లాక మీవాళ్లు అడిగితే ఈ ఆపరేషన్ గురించి ఏం చెబుతారండీ?’ అని అడగాలి. ‘గడ్డ తీస్తారు, ఇంక రాదు’ అని రోగి అంటే, మళ్లీ రావచ్చన్న భాగం చేరలేదని తెలిసిపోతుంది. అక్కడ ఆగి, వేరే మాటల్లో చెప్పి, మరోసారి వినాలి. రోగి అడిగిన ప్రశ్నలను రాసుకునేందుకు పత్రంలో నాలుగు ఖాళీ గీతలు ఉంచండి.

రోగి మెలకువగా ఉంటారు కాబట్టి, ‘మధ్యలో ఆపమని మీరు చెప్పవచ్చు, గాయాన్ని సురక్షితంగా మూసి ఆపేస్తాము’ అన్న వాక్యం సంతకానికి సరిగ్గా పైన ఉండాలి. ఒక ప్రతిని రోగికి ఇవ్వాలి. సంతకం తరువాత, ఆపరేషన్ రోజుకు ముందే గడ్డ ఎర్రబడి వాచితే, ఆ పత్రం ఇక చెల్లదనుకోండి: వాచిన గడ్డలో సంచిని పూర్తిగా తీయడం కష్టం, సాధారణంగా వాపు తగ్గేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తారు. నష్టాలూ ప్రత్యామ్నాయాలూ మారాయి కాబట్టి, మళ్లీ మాట్లాడి కొత్త పత్రం మీద సంతకం తీసుకోవాలి.