రిపేరు షాపు గూగుల్ మ్యాప్స్‌లో సరిగ్గా కనపడాలంటే, నిజమైన రివ్యూలు రావాలంటే ఏం చేయాలి?

ఫోన్ స్క్రీన్ పగిలినవాళ్లు మీ షాపు పేరు పెట్టి వెతకరు. "దగ్గర్లో మొబైల్ రిపేర్" అని కొడతారు. మ్యాప్ కింద సాధారణంగా మూడు షాపులు కనిపిస్తాయి, వాటిలో ఒకదానికి ఫోన్ చేస్తారు. ఆ మూడింటిని గూగుల్ ప్రధానంగా మూడు విషయాలు చూసి ఎంచుతుంది: వెతికిన మాటకు మీ పని ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీ షాపు జనానికి ఎంత తెలుసు. దూరం మీ చేతిలో లేదు. ఊరికి అవతలి వైపు నుంచి వెతికేవాళ్లకు ముందు కనపడాలని తాపత్రయపడటం దండగ. మిగతా రెండిటి సంగతి చూద్దాం.

ఒక షాపును ఉదాహరణగా తీసుకుందాం. ముందు అద్దాల బల్లలో కవర్లు, ఛార్జర్లు అమ్ముతారు. వెనక బల్ల మీద స్క్రీన్లు, బ్యాటరీలు మారుస్తారు. రాబడి ఎక్కువగా రిపేర్లదే. మ్యాప్‌లో మాత్రం ఈ షాపు ఫోన్లు అమ్మే దుకాణంగా ఉంది. ఎవరో దారిన పోయేవాళ్లు ఎప్పుడో చేర్చిన లిస్టింగ్ అది.

1. ముందు లిస్టింగ్ మీ చేతికి రావాలి

మ్యాప్స్‌లో మీ షాపు తెరిచి చూడండి. `Claim this business` అని కనపడితే దానికి ఇంకా యజమాని ఎవరూ లేనట్టే. అది నొక్కి, గూగుల్ అడిగిన పద్ధతిలో వెరిఫై చేయండి. ఇప్పుడు చాలామందిని వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపలి పనిబల్ల, షాపు మీదేనని తెలిపే ఆధారం (తాళం తీయడం లాంటిది) ఆపకుండా ఒకే వీడియోలో రావాలి.

పాతది ఉందని తెలియక ఇంకో కొత్త లిస్టింగ్ పెట్టడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. రెండు ఉంటే రివ్యూలు రెండుచోట్లా చీలిపోతాయి. అందుకే ముందు షాపు పేరుతోనూ, ఫోన్ నంబరుతోనూ వెతికి చూసుకోండి. ఇంకోమాట, ఈ పని షాపులో పనిచేసే కుర్రాడి ఖాతాతో కాకుండా మీ సొంత ఖాతాతో చేయండి. అతను మానేస్తే లిస్టింగ్ కూడా అతనితోనే పోతుంది.

2. పేరు, కేటగిరీ

నన్నడిగితే అసలు పని ఇక్కడే ఉంది. గూగుల్‌లో షాపు పేరు వెతికి `Edit profile` తెరవండి. మన ఉదాహరణలోని షాపుకు ప్రధాన కేటగిరీని `Mobile phone repair shop` అని మార్చాలి. ఫోన్ల అమ్మకాన్ని అదనపు కేటగిరీగా కింద ఉంచుకోవచ్చు. ప్రధానంగా పెట్టేది ఒక్కటే కాబట్టి, ఏ పని కోసం జనం రావాలో అదే అక్కడ ఉండాలి. అదనంగా తొమ్మిది వరకు పెట్టుకోవచ్చు గానీ, చేయని పనులన్నీ చేర్చితే ఒరిగేదేమీ లేదు. టీవీ బాగుచేస్తారా అని ఫోన్లు వస్తాయి, అంతే.

పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. బోర్డు మీద రెండు మాటలే ఉంటే, మ్యాప్‌లో దాని వెనక "బెస్ట్ స్క్రీన్ రిపేర్ తక్కువ ధర" అని తగిలించకూడదు. కొన్నాళ్లు లాభించినట్టే ఉంటుంది. పక్క షాపువాళ్లు ఫిర్యాదు చేస్తే పేరు మారిపోతుంది, ఒక్కోసారి లిస్టింగే సస్పెండ్ అవుతుంది. పేరు, చిరునామా మార్చినప్పుడు మళ్లీ వెరిఫై చేయమని అడగవచ్చు కూడా. అందుకని పని బాగా ఉండే రోజుల్లో వీటి జోలికి వెళ్లకండి.

3. పిన్, వేళలు, ఫోటోలు

పిన్ సరిగ్గా షాపు గుమ్మం మీద ఉందో లేదో శాటిలైట్ వ్యూలో చూసి జరపండి. సెలవు రోజులకు వేళలు విడిగా పెట్టండి. తెరిచి ఉందని చూసి వచ్చి, మూసిన తలుపు చూసిన మనిషి రాసే రివ్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫోటోలు మీరు తీసినవే పెట్టండి: రోడ్డు మీద నుంచి బోర్డు కనపడేలా ఒకటి, పనిబల్లది ఒకటి, పగిలిన స్క్రీన్ మార్చక ముందు, మార్చిన తర్వాత ఒక జత.

4. రివ్యూ ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

ప్రొఫైల్‌లో `Ask for reviews` నొక్కితే ఒక లింకు, క్యూఆర్ కోడ్ వస్తాయి. కోడ్‌ను బిల్లు మీద అచ్చు వేయించుకోవచ్చు. నా లెక్కలో లింకు మెసేజ్‌గా పంపడమే మేలు. కౌంటర్ దగ్గర ఫోన్ అందుకున్న మనిషికి డేటా అంతా ఉందా లేదా అన్నదే ధ్యాస. రెండు మూడు రోజులు వాడాక బ్యాటరీ నిలుస్తోందో లేదో తెలుస్తుంది, అప్పుడు రాసేదాంట్లో సరుకు ఉంటుంది. ఫోన్ ఇచ్చేటప్పుడే "రెండ్రోజుల్లో ఒక మెసేజ్ పంపుతానండీ, పంపొచ్చా?" అని అడిగి పెట్టుకోండి. తర్వాత ఇలా పంపండి:

"నమస్కారమండీ. మొన్న మీ ఫోన్ బ్యాటరీ మార్చాం కదా, ఇప్పుడు ఎలా ఉంది? ఏదైనా ఇబ్బంది ఉంటే తీసుకురండి, చూస్తాం. వీలైతే మా పని ఎలా ఉందో మీ మాటల్లో ఇక్కడ రాయండి."

ఇందులో ఐదు నక్షత్రాల ప్రస్తావన లేదు, కావాలనే. డిస్కౌంట్ ఇస్తామని, ఉచితంగా గ్లాస్ వేస్తామని చెప్పి రివ్యూ రాయించడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ముందుగా "బాగుందా?" అని అడిగి, బాగుందన్నవాళ్లకే లింకు పంపడం కూడా అంతే. కాబట్టి ఈ మెసేజ్ అందరికీ వెళ్లాలి, గొడవపడి వెళ్లినాయనతో సహా. ఇంట్లోవాళ్లు, షాపులో పనిచేసేవాళ్లు రాయకూడదు.

ఒకేరోజు పాత కస్టమర్లందరికీ పంపకండి. నెలల తరబడి ఏమీ లేని చోట హఠాత్తుగా కుప్పలా వస్తే గూగుల్ ఫిల్టర్‌కు అనుమానం వస్తుంది. రాశామని కస్టమర్ అంటాడు, మీకు కనపడదు. కొన్నిసార్లు కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. మళ్లీ రాయమని వాళ్లను విసిగించకండి. ఆ వారం పని అయినవాళ్లకు ఆ వారమే పంపుతూ ఉంటే చాలు.

5. ఒక్క నక్షత్రం వచ్చినప్పుడు

"స్క్రీన్ వేసిన వారానికే టచ్ పోయింది, అడిగితే పట్టించుకోలేదు" అని ఒకరు రాశారనుకోండి. ముందు మీ బిల్లు పుస్తకం చూడండి. ఆ పని నిజంగా మీరే చేసి ఉంటే ఇలా జవాబివ్వండి:

"మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. స్క్రీన్ వేసిన తర్వాత టచ్ పోతే, కేబుల్ కనెక్టర్ వదులైందా, ప్యానెల్‌లోనే లోపమా అన్నది విప్పి చూస్తే తెలుస్తుంది. బిల్లుతో రండి, మీ ముందే చూస్తాం. ప్యానెల్‌దే లోపమైతే డబ్బు తీసుకోకుండా మారుస్తాం."

చివరి మాట, నిజంగా మార్చేటట్టయితేనే రాయండి. జవాబు అందరికీ కనిపిస్తుంది కాబట్టి కస్టమర్ నంబరు, ఫోన్‌లో మీరు చూసిన సంగతులు అందులోకి రాకూడదు. "ఫోన్ నీళ్లలో పడేసి మా మీద రుద్దుతున్నారు" అని వాదనకు దిగితే, అది నిజమే అయినా చదివే కొత్తవాళ్లకు గొడవే గుర్తుంటుంది. సమస్య తీరాక రివ్యూ మార్చడం ఆ కస్టమర్ ఇష్టం. మారిస్తేనే బాగుచేస్తామనే షరతు పెట్టకండి.

తప్పని అనిపించిన ప్రతి రివ్యూనూ గూగుల్ తీసేయదు, మీ ఇద్దరిలో ఎవరిది నిజమో అది తేల్చదు. బూతులు, బెదిరింపులు, పోటీ షాపువాళ్లు రాసినవి, అసలు మీ దగ్గరికి రానివాళ్లు రాసినవి అయితే ఆ రివ్యూ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. నిర్ణయం వచ్చేదాకా కింద మర్యాదగా ఒక వాక్యం చాలు: "ఈ వివరాలతో మా బిల్లుల్లో ఏ పనీ కనపడలేదండీ, బిల్లు నంబరు ఉంటే షాపుకు ఫోన్ చేయండి."

6. ఫలితం చూసుకోవడం

షాపులో కూర్చుని మీ ఫోన్‌లోనే వెతికితే మీ షాపే ముందు వస్తుంది, ఎందుకంటే మీరు దాని లోపలే ఉన్నారు. దానికి మురిసిపోకండి. ప్రొఫైల్‌లోని `Performance` తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి మిమ్మల్ని చూశారో, ఎన్ని కాల్స్ వచ్చాయో, ఎంతమంది దారి అడిగారో ఉంటుంది. కేటగిరీ మార్చక ముందటి నెలనూ, తర్వాతి రెండు మూడు నెలలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మాటల్లో షాపు పేరుతో పాటు "స్క్రీన్", "బ్యాటరీ", "రిపేర్" లాంటివి పెరుగుతుంటే మార్పు పనిచేసినట్టే. వెతుకులాటలు పెరిగి కాల్స్ మాత్రం పెరగకపోతే ముందు ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో, ఆ తర్వాత ఫోటోలు చూసుకోండి.