షార్ట్ వీడియోలతో మామిడిపళ్లు నేరుగా అమ్మడం ఎలా? వీడియో తేలికే, ఆర్డర్ల లెక్కతోనే తంటా

మా తోట ఆనందపురం మండలంలో. ఎక్కువగా సువర్ణరేఖ, కొన్ని బంగినపల్లి చెట్లు ఉన్నాయి. కొన్నేళ్లుగా దళారికి వెయ్యకుండా ఫోన్లో వీడియో తీసి విశాఖలో ఇళ్లకే అమ్ముతున్నాను. ఈ మధ్య మా చుట్టుపక్కల రైతులు చాలామంది ఇదే మొదలుపెట్టారు. వీడియోలు నాకంటే బాగా తీస్తున్నారు. తీరా పళ్లు పంపేసరికి తిట్లు తింటున్నారు. ఎక్కడ తప్పుతున్నారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ తప్పు నేనే ముందు చేశాను.

సామాను

ఒక మామూలు ఫోను, నూట యాభై రూపాయల కాలర్ మైకు, కాటా, గాలి ఆడే చిల్లులున్న అయిదు కిలోల అట్టపెట్టెలు, వరిగడ్డి, చిక్కం కట్టిన గెడ. అంతే. డ్రోన్ కొనకండి. పైనుంచి చూస్తే అన్ని తోటలూ ఒక్కలాగే కనిపిస్తాయి.

వీడియో

ఫోను నిలువుగా పట్టుకోండి. పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్య తియ్యండి. తర్వాత గాలి లేస్తే మాట వినపడదు. నిమిషం దాటనివ్వకండి. పాట పెట్టకండి, మీ గొంతే ఉండాలి. ఫోన్ నంబరు వీడియో మీదే పెద్ద అక్షరాల్లో రాయండి. యూట్యూబ్ షార్ట్స్‌లో వివరణలోనో కామెంట్లోనో పెట్టిన లింకులు 2023 ఆగస్టు నుంచి నొక్కినా తెరుచుకోవు. ఇది తెలియక లింకు పెట్టేసి, ఎవరూ ఆర్డర్ ఇవ్వట్లేదని ఎదురు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఏం చూపించాలి? కాయ చూపించండి, మచ్చ కూడా చూపించండి. పక్షి పొడిచిన కాయ, సొన కారి నల్లబడిన కాయ, పండు ఈగ కుట్టిన కాయ చేతిలో పట్టుకుని, "ఇవి పెట్టెలోకి రావు" అని చెప్పండి. మందు కొట్టి ఉంటే కొట్టామనే చెప్పండి, మందు చీటీ, కొట్టిన తేదీ రాసుకున్న పుస్తకం చూపించండి. నేను పూత మీద తేనెమంచు పురుగుకి కొడతాను, కాయ పెరిగాక కొట్టను. అదే చెబుతాను. "వంద శాతం ఆర్గానిక్" అని ఊరికే అనేసే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అడిగితే కాగితం ఉండదు.

సువర్ణరేఖకి ఇంకో మాట విడిగా చెప్పాలి. దీని భుజాల మీద ఎర్ర రంగు కాయ పచ్చిగా ఉండగానే వచ్చేస్తుంది. కొన్నవాళ్లు ఆ రంగు చూసి పండిందనుకుని వెంటనే కోసేస్తారు, పుల్లగా ఉందని ఫోన్ చేస్తారు. అందుకని వీడియోలో ఒక ఎర్రటి కాయ అడ్డంగా కోసి, లోపల తెల్లగా ఉందని చూపించండి. పక్కనే పండినది కోసి చూపించండి. నేను ఆ ఒక్క వీడియో పెట్టాక ఇలాంటి ఫోన్లు సగానికి సగం తగ్గిపోయాయి.

ఆర్డర్లు తీసుకోవడం: ఇక్కడ ఆగి చదవండి

ఒక వీడియో బాగా తిరిగిందనుకోండి, ఒక్క రాత్రిలో వంద మెసేజీలు వస్తాయి. ప్రాణం లేచొస్తుంది. వచ్చినవన్నీ ఒప్పేసుకుంటారు. నేనూ అలాగే నూట పది పెట్టెలు ఒప్పుకున్నాను. కోతకి నాలుగు రోజుల ముందు సాయంత్రం ఈదురుగాలి లేచింది. తెల్లారి చూస్తే చెట్ల కింద పచ్చి కాయ పరుపులా పడి ఉంది. మాట తప్పకూడదని పక్క తోటలో కాయ కొని కలిపి పంపేశాను. ఎంవీపీ కాలనీ నుంచి ఒక పెద్దావిడ వాయిస్ మెసేజీ పెట్టారు: "బాబూ, ఇవి నువ్వు వీడియోలో చూపించిన చెట్టు కాయలు కావు. తోలు ముడత పడింది, లోపల పులుపు. నీ తోటవి ఎన్ని ఉంటే అన్నే పంపు, నేనేం అనుకోను." ఆవిడ చెప్పింది నిజమే. ముదరకముందే కోసిన కాయ గడ్డిలో పెడితే పండదు, ముడత పడిపోతుంది. డబ్బులు వాపసు ఇచ్చాను. ఆ తర్వాత నుంచి కాయలు లెక్క కట్టకుండా ఒక్క ఆర్డరూ తీసుకోలేదు.

లెక్క ఇలా కట్టండి. టెంక గట్టిపడి, రాలేది రాలిపోయాక, కోతకి రెండు వారాల ముందు తోటలోకి వెళ్లండి. చెట్టుని నాలుగు భాగాలు అనుకుని ఒక భాగంలో కాయలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవెయ్యండి. పెద్ద చెట్టొకటి, చిన్నదొకటి, మధ్యరకం ఒకటి, ఇలా మూడు చెట్లు చాలు, సగటు తీసుకోండి. కంటి అంచనా వద్దు. మా నాన్న అంచనా ఎప్పుడూ రెట్టింపు ఉండేది, దళారిది సగమే ఉండేది.

మా తోటలో ఒకసారి వచ్చిన లెక్క చెబుతాను. పన్నెండు చెట్లు, చెట్టుకి సగటున 250 కాయలు, అంటే 3,000. పది కాయలు కాటా వేస్తే నాలుగు కిలోలు తూగాయి. మొత్తం 1,200 కిలోలు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, "అయిదు కిలోల పెట్టెలు 240 వస్తాయి" అని ఆర్డర్లు తెరిచేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది.

చెట్టు మీద కాయంతా ఒకేసారి ముదరదు. మూడు కోతలు పడతాయి. మొదటి కోతలో మూడో వంతే అనుకోండి, 400 కిలోలు. అందులో నాలుగో వంతు ఏరేసేది పోతుంది, 300 మిగిలాయి. గడ్డిలో పండేటప్పుడు కాయలో నీరు ఇంకి తూకం తగ్గుతుంది. చేతికి చేరేటప్పుడు అయిదు కిలోలు ఉండాలంటే నేను అయిదున్నర పోస్తాను. 300ని 5.5తో భాగిస్తే 54 పెట్టెలు. ఆర్డర్లు ఎన్నింటికి తెరిచాను? 40కి. నాలుగు పెట్టెలు పాడైనవాటికి బదులు ఇవ్వడానికి పక్కన పెట్టాను, మిగిలిన పది గాలికి వదిలేశాను. గాలి రాకపోతే రైతుబజారు ఎలాగూ ఉంది. గాలికి రాలినవి పచ్చి కాయగా రోడ్డు పక్కనే అమ్ముడుపోతాయి, పప్పులోకి, పులిహోరలోకి కొంటారు.

1,200 కిలోల తోట చూపించి 40 పెట్టెలకే ఆర్డర్లు తీసుకోవడం పిరికితనంలా ఉంటుంది. ఉండనీండి. రెండో కోతకి మళ్లీ తెరుస్తారు కదా. మొదటిసారి దొరకనివాళ్లే అప్పుడు ముందు అడుగుతారు.

తేదీ విషయంలోనూ ఇంతే జాగ్రత్త. "మే 4న పంపుతాం" అని ముందే వీడియోలో చెప్పకండి. "మే మొదటి వారంలో కోత, కోసిన రోజు తేదీ చెబుతాం" అనండి. కోతకి ముందు చెట్టుకి నాలుగు కాయలు కోసి బకెట్ నీళ్లలో వెయ్యండి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. నాలుగింట్లో రెండు తేలితే ఆ చెట్టు మరో నాలుగు రోజులు ఆగాలి. ఎవరెంత తొందరపెట్టినా సరే.

అడ్వాన్స్ తీసుకోవాలా? తీసుకోవాలి. పెట్టె 500 అయితే 100 తీసుకోండి. ఉత్తి మాట మీద ఆర్డర్ ఇచ్చినవాళ్లలో కొందరు ఆటో వచ్చేసరికి ఫోన్ ఎత్తరు. పూర్తి డబ్బు మాత్రం ముందే తీసుకోకండి, గాలివాన వస్తే తిరిగిచ్చే పని మీదే. స్క్రీన్‌షాట్ చూసి డబ్బు పడిందనుకోకండి, బ్యాంకు ఖాతాలో చూసుకోండి. డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పనే లేదు. కొట్టమన్నాడంటే వాడు కొనేవాడు కాదు.

ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకున్నా, పుస్తకంలో చేత్తో రాస్తాను. పేరు, ఏరియా, పెట్టెలు, అడ్వాన్స్, నాలుగే గళ్లు. నలభై నిండగానే గీత కొట్టి, "ఈ కోత అయిపోయింది" అని వీడియో కింద కామెంటు పెట్టి పైన పిన్ చేస్తాను. ఇంకో సంగతి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మీరు పంపింది, మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే వెళుతుంది. అందుకే అడ్వాన్స్ అందగానే నేను పంపే మొదటి మాట "నా నంబరు సేవ్ చేసుకోండి". చెయ్యనివాళ్లకి తేదీ మెసేజీ అందక, తర్వాత గొడవ పెట్టుకుంటారు.

కోత, పండించడం

కాయకి అంగుళం తొడిమె ఉంచి కోయండి, సొన తోలు మీద పడదు. నీడలో ఒక పూట ఆరనిచ్చి, వరిగడ్డిలో వరసలుగా పేర్చండి. మా దగ్గర మే ఎండలకి అయిదారు రోజుల్లో దోర తిరుగుతుంది. కార్బైడ్ జోలికి పోకండి, అది చట్టప్రకారం నిషేధం. ఇథిలీన్ గ్యాసుతో గదుల్లో పండించడానికి అనుమతి ఉంది, అది తప్పేం కాదు. కానీ అలా పండించి గడ్డిలో పండించామని చెబితే తప్పే. గడ్డి కప్పిన రోజు, తీసిన రోజు ఒకే మూల నుంచి వీడియో తీసి పెట్టండి.

పూర్తిగా పండినవి పంపకండి. దోరగా ఉన్నవే పంపి, "రెండు రోజులు బయటే ఉంచండి, వాసన వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి" అని పెట్టె మీద రాయండి. పండకముందే ఫ్రిజ్‌లో పెడితే ఇక సరిగా పండదు.

చేర్చడం

ఒక ఆటో, ఒక రోడ్డు, ఒక పూట. ఆదివారం పొద్దున్న అయిదున్నరకి బయలుదేరితే కొమ్మాది, మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, ఇసుకతోట మీదుగా మద్దిలపాలెం వరకు తొమ్మిదింటికి అయిపోతుంది. ఇంటింటికీ ఎక్కను. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో, ముందే చెప్పిన జంక్షన్‌లోనో పది నిమిషాలు ఆగుతాను. పెట్టెలు నాలుగు వరసలకి మించి పేర్చకండి, అడుగువి నలిగిపోతాయి. గాజువాక నుంచి ఎంత బతిమాలినా అదే రోజు ఒప్పుకోను. రెండు పెట్టెల కోసం ఊరు దాటి వెళితే ఎండ ఎక్కి మిగతావి మెత్తబడతాయి. అటువైపు పది పెట్టెలు పోగైతే ఇంకో రోజు పెందుర్తి మీదుగా వెళతాను.

గేటు దగ్గరే ఒక పెట్టె తెరిచి చూపించండి, తూకం అడిగితే వెయ్యండి. లోపల టెంక పురుగు ఉంటే పైకి ఆనవాలు కనపడదు, అది ముందే చెప్పెయ్యండి: "కోశాక పురుగు కనిపిస్తే ఫొటో పంపండి, వచ్చే కోతలో అన్ని కాయలూ కలిపి ఇస్తాను." కిందటి ఏడు మొదటి కోతలో అలా తిరిగిచ్చినవి పదకొండు కాయలు.