దీపావళి లక్ష్మీపూజ: మొదటిసారి చేసేవాళ్లకు

క్యాలెండర్‌లో అమావాస్య ఏ రోజు ఉందన్నది కాదు, సూర్యాస్తమయం తర్వాత ఉందా అన్నది చూడండి. 2025లో అమావాస్య అక్టోబర్ 20 మధ్యాహ్నం మొదలై 21 సాయంత్రం ఆరులోపే ముగిసింది, అందుకే పూజ 20న. హైదరాబాద్‌లో ఆ రోజు సూర్యాస్తమయం 5:50 ప్రాంతంలో. అక్కడి నుంచి సుమారు రెండు గంటలు ప్రదోషకాలం, పూజ అప్పుడే.

బూజు దులపడం ముందురోజుకే అయిపోవాలి. పండగనాడు గడప కడిగి పసుపు, కుంకుమ, ముగ్గు పెడితే చాలు.

కొత్త ప్రమిదల్ని ఉదయమే రెండు గంటలు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. లేదంటే ప్రమిద నూనెను పీల్చేసి, పూజ మధ్యలోనే వత్తి కొడిగడుతుంది. వత్తుల్ని కూడా నువ్వులనూనెలో ముందే తడిపి ఉంచండి. అక్షతలకు విరగని బియ్యం, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నెయ్యి. తడి ఎక్కువైతే ముద్ద కడతాయి.

సాయంత్రం పీటమీద కొత్త గుడ్డ పరిచి, గుప్పెడు బియ్యం పోసి, లక్ష్మీదేవి పటం, పక్కన కొన్ని నాణేలు పెట్టండి. దీపం వెలిగించి, తమలపాకులో పసుపు గణపతికి ముందు పూజ చేసి బెల్లం నివేదించండి. తర్వాత లక్ష్మీ అష్టోత్తరం చదువుతూ ఒక్కో నామానికి కుంకుమో, చామంతి రేకో వేయండి. పరమాన్నం, తాంబూలం నివేదించి హారతివ్వండి. కలశం తప్పనిసరేం కాదు, ఆనవాయితీ ఉన్న ఇళ్లలోనే పెడతారు.

గుమ్మంలో దీపాలు పెట్టాకే టపాసులు. నూలు బట్టలే మంచిది, పట్టుచీర కొంగు ప్రమిదల దగ్గర ప్రమాదం.