పండ్ల వరుస పాఠాలు – 4: దాగిన కోరపన్నును వెతికి దించడం

గత పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ దగ్గరికి వచ్చే 9, 10 ఏళ్ల పిల్లల పైపెదవి ఎత్తి, పాల కోరపన్ను వేరుకు పైన చూపుడువేలు ఆనించి, గట్టి ఉబ్బు తగులుతుందో లేదో రాసుకోమన్నాను. రెండు వైపులా తగిలితే నిశ్చింత. ఒక వైపు తగిలి రెండో వైపు చదునుగా ఉందంటే ఈ పాఠం ఆ పిల్ల కోసమే.

పై కోరపన్ను పుట్టేది దాదాపు ముక్కు అడుగున. మిగతా పండ్లకు లేనంత దూరం దానికి. చీకట్లో గోడ పట్టుకొని మెట్లు దిగినట్టు, పక్క ముందుపన్ను వేరును ఆనుకొని దిగుతుంది. ఆ పన్ను మరీ చిన్నదైనా, అసలే లేకపోయినా గోడ పోయినట్టే. అప్పుడు కోరపన్ను చాలాసార్లు అంగిలి వైపు జారి అక్కడే ఆగిపోతుంది. అందుకే సూదిమొనలా సన్నగా ఉన్న పక్కపన్ను కనిపిస్తే నేను ముందు పైకి వేలు పోనిచ్చి చూస్తాను.

ఇక అసలు కేసు. దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి పన్నెండున్నరేళ్ల కూతురిని నల్లగొండకు తీసుకొచ్చింది. కుడి కోరపన్ను వచ్చేసింది. ఎడమ పక్క పాలపన్ను ఇంకా ఉంది, వేలితో కదిపితే రవ్వంత కూడా కదలదు. "నొప్పి లేనప్పుడు దవఖానకెందుకని మా ఇంటాయన అంటుండు సారు" అంది తల్లి. ఈ జబ్బులో మోసమే అది. దారి తప్పిన కోరపన్ను పక్కపన్ను వేరును మెల్లగా అరగదీస్తుంది. ఆ అరుగుదలకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. పక్కపన్ను ఊగడం మొదలయ్యేసరికి వేరు సగం మిగిలి ఉండొచ్చు.

పండ్లన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయిస్తే ఎడమ కోరపన్ను తల పక్కపన్ను వేరు మీద, దాని నడిమి గీత దాటి పడుకొని కనిపించింది. అది వేరుకు ముందుందా, వెనకుందా? ఓపీజీ ఒక్కటే చూసి చెప్పబోకండి. తప్పు వైపు చిగురు కోస్తే పన్ను దొరకదు, గాయం మాత్రం మిగులుతుంది.

దీనికి రెండు చిన్న ఎక్స్‌రేలు చాలు. నల్లగొండ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గమనించే ఉంటారు: రోడ్డు పక్క వేపచెట్లు వెనక్కి పరుగెత్తుతుంటే, దూరాన ఉన్న లతీఫ్ సాబ్ గుట్ట మనతో పాటే వస్తున్నట్టు ఉంటుంది. ఎక్స్‌రే ట్యూబు మన కన్ను అనుకోండి. మొదటి ఫిల్ము పక్కపన్నుకు సూటిగా తీయండి. రెండోదానికి ట్యూబును దవడపండ్ల వైపు జరిపి, ఎత్తు, వాలు మార్చకుండా తీయండి. ఇప్పుడు రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి, పక్కపన్ను వేరుతో పోల్చి కోరపన్ను తల ఎటు జరిగిందో చూడండి. ట్యూబు వెంటే వస్తే అది గుట్ట, అంటే వేరుకు వెనక, అంగిలి వైపు ఉంది. ట్యూబుకు ఎదురు పోతే అది వేపచెట్టు, వేరుకు ఎదుట, పెదవి వైపు ఉంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఒక్క మాట చెబుతాను: వెంట వస్తే వెనక, ఎదురు పోతే ఎదుట.

తప్పు జరిగేది ఎక్కువగా రెండో ఫిల్ములోనే. ట్యూబును పక్కకు జరిపేటప్పుడు తెలియకుండా పైకి వంచేస్తాం, లేదా ఫిల్ము నోట్లో వంగుతుంది. అప్పుడు తల జరిగిందో, మనమే జరిపామో తెలియదు. తల అసలు జరగలేదంటే అది వేరుకు సూటిగా, దవడ ఎముక మధ్యలో ఉండొచ్చు. అలాంటప్పుడూ, వేరు అంచు మసకగా ఉన్నప్పుడూ సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించాలి. ప్రతి పిల్లకూ అక్కర్లేదు. మా పిల్ల ఫిల్ముల్లో తల ట్యూబు వెంటే వచ్చింది. అంగిలి వైపు ఉందని తేలింది. వేరు అంచు మాత్రం ఒక చోట స్పష్టంగా లేకపోవడంతో సీబీసీటీ కూడా తీయించాను. పైపైన కాస్త గీరుకుపోయింది, లోతుగా తినలేదు.

కోత లేకుండా కుదరదా అని తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్, కురోల్ 1988లో చూపించిన పద్ధతి ఒకటుంది. 10 నుంచి 13 ఏళ్ల పిల్లలకు పాల కోరపన్ను తీసేసి ఊరుకుంటే, అంగిలి వైపు తప్పిన కోరపండ్లలో 78 శాతం దారిలోకి వచ్చాయి. తల పక్కపన్ను నడిమి గీత దాటకపోతే 91 శాతం, దాటితే 64. వరుసలో చోటుండాలి. ఏడాదిలోపు ఎక్స్‌రేలో మార్పు కనబడకపోతే ఇక ఎదురుచూడకూడదు. మా పిల్లకు తల గీత దాటింది, పదమూడేళ్లు దగ్గరపడ్డాయి, వేరు అరుగుదల మొదలైంది. ఇంకో ఏడాది పందెం కాయడం నాకు మనసొప్పలేదు. పదేళ్లప్పుడే వచ్చి ఉంటే పాలపన్ను తీసి ఇంటికి పంపేవాణ్ణి.

ముందు క్లిప్పులు వేసి పండ్ల వరుస సరిచేసి, స్ప్రింగుతో దాదాపు 8 మిల్లీమీటర్ల చోటు తెరిచాం. దీనికి అయిదు నెలలు పట్టింది. పాలపన్నును అప్పుడే తీయలేదు, సర్జరీ రోజు దాకా ఉంచాం. తర్వాత మందమైన స్టీలు తీగ వేశాం. తీగ మెత్తగా ఉంటే కోరపన్ను కిందికి రాదు, పక్కపండ్లే పైకి పోతాయి.

సర్జను మత్తుసూది ఇచ్చి అంగిలి చిగురు ఎత్తి, పన్ను మీది ఎముక కొద్దిగా తొలిచి, దాని మీద సన్న గొలుసున్న బటన్ అతికించి, చిగురు మళ్లీ మూసి కుట్టాడు. గొలుసు కొస మాత్రం బయటికి ఉంది. వారం తర్వాత లాగడం మొదలుపెట్టాను. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే. చోటు కనబడుతోంది కదా అని నేరుగా అటే లాగుతారు. మధ్యలో పక్కపన్ను వేరుంది! ఆ వేరును ఇంకా అరగదీసినట్టవుతుంది. ముందు వెనక్కి, అంగిలి మధ్యకు లాగి వేరుకు దూరం చేయాలి. వేరు తప్పిందని ఎక్స్‌రేలో చూశాకే చోటు వైపు తిప్పాలి. బలం 60 గ్రాములు దాటనివ్వను, ప్రతిసారీ గేజితో కొలుస్తాను. ఎక్కువ లాగితే తొందరగా వస్తుందనుకోవడం భ్రమ.

ప్రతి నెలా చిగురు బయట గొలుసు కడియాలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసేవాణ్ణి. పెరుగుతుంటే పన్ను వస్తున్నట్టు. రెండో నెలలో ఒక్కసారిగా నాలుగు పెరిగాయి. సంతోషించాల్సింది కాదు, గొలుసు ఊడిందన్నమాట. చేతికే వచ్చేసింది. చిగురు మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఇది మన నల్లగొండ వాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. కోరపన్ను పింగాణీ తయారయ్యేది మొదటి ఆరేడేళ్లలో. ఆ ఏళ్లలో ఫ్లోరైడు నీళ్లు తాగితే, చిగురు లోపల దాగిన పన్ను మీద కూడా ఆ మరక ఉంటుంది. అలాంటి పింగాణీ మీద అతుకు సరిగ్గా నిలవదు. రెండోసారి పైపొర కొద్దిగా గరుకు చేసి, ఆసిడ్ మామూలు కంటే ఎక్కువసేపు ఉంచి, రక్తం చుక్క అంటకుండా ఆరబెట్టి అతికించాం. నిలిచింది.

కడియాలు మూడు నెలలైనా పెరగకుండా, గొలుసు గట్టిగానే ఉండి, పక్కపండ్లు మాత్రం పైకి పోయి కింది పండ్లకు తగలకుండా ఖాళీ పడితే, అది వేరే కథ. కోరపన్ను ఎముకకు అతుక్కుపోయిందని అనుమానించాలి. అప్పుడు లాగడం ఆపేయాలి.

మా పిల్ల పన్ను తొమ్మిదో నెలలో అంగిలిలోంచి బయటపడింది. వరుసలోకి తెచ్చి, వేరును పెదవి వైపు తిప్పేసరికి క్లిప్పులు వేసిన రోజు నుంచి ఇరవై రెండు నెలలైంది. వెనక సన్న తీగ అతికించి ఉంచాను, లేకపోతే మళ్లీ మెలితిరుగుతుంది.

ఈ వారం పని: మొదటి ఫిల్ములో కోరపన్ను మొన పక్కపన్ను వేరు నడుమ ఉంది. రెండో ఫిల్ముకు ట్యూబును ముందుకు, నడిమి పండ్ల వైపు జరిపారు. మొన వెనక్కి, దవడపండ్ల వైపు జరిగింది. పన్ను ఎటు ఉంది? చిగురు ఎటు తెరుస్తారు? ఆ వైపు చిగురును కోసి పారేయకుండా ఎందుకు కాపాడుకోవాలో అయిదో పాఠంలో చూద్దాం.